సూదిబెజ్జం, స్టాప్‌వాచ్: గ్రాహమ్ నియమంతో వాయువు మోలార్ ద్రవ్యరాశి కనుక్కోవడం, రెండు వాయువులను వేరు చేయడం

1823లో జర్మనీ రసాయన శాస్త్రవేత్త డోబెరైనర్ ఒక గాజు జాడీలో హైడ్రోజన్ నింపి నీటి మీద బోర్లించి ఉంచాడు. జాడీకి సన్నని బీట ఉంది. కొంతసేపటికి చూస్తే జాడీలోపలి నీటిమట్టం బయటి మట్టం కన్నా పైకి ఎక్కి ఉంది. బీటలోంచి లోపలికి వచ్చిన గాలి కన్నా బయటికి పోయిన హైడ్రోజన్ ఎక్కువ. ఈ చిన్న విషయాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి కొలతలు తీసినవాడు స్కాట్లాండుకు చెందిన థామస్ గ్రాహమ్. పలచని రేకులోని చిన్న రంధ్రం గుండా వాయువు పోవడం ఒకటి, సన్నని పొడుగాటి గొట్టం గుండా పోవడం మరొకటి అని ఆయన 1846లో విడదీసి చూపించాడు. మొదటిదే నిస్సరణం. గ్రాహమ్ నియమం వర్తించేది దానికే, రెండోదానికి కాదు. ఈ తేడాను గుర్తుపెట్టుకోకుండా పరికరం తయారు చేస్తే లెక్క ఎంత శుభ్రంగా వేసినా జవాబు తప్పుతుంది. ఎలా తప్పుతుందో ముందు ముందు అంకెలతో చూద్దాం.

సూత్రాన్ని కాలాల్లో రాసుకోండి

నిస్సరణ రేటు మోలార్ ద్రవ్యరాశి వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుందని పాఠ్యపుస్తకం చెబుతుంది. కానీ ప్రయోగంలో మనం రేటును కొలవం, కాలాన్ని కొలుస్తాం. ఒకే ఘనపరిమాణం, ఒకే రంధ్రం, ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం అయితే రేటు ఎక్కువైనకొద్దీ కాలం తగ్గుతుంది కాబట్టి విలోమం కాస్తా అనులోమం అవుతుంది:

```
t₂ / t₁ = √(M₂ / M₁)
M₂ = M₁ × (t₂ / t₁)²
```

బరువైన వాయువుకు ఎక్కువ సమయం. ఈ ఒక్క మాట మనసులో ఉంటే భిన్నాన్ని తలకిందులుగా రాసే పొరపాటు జరగదు. పరీక్షల్లో రెండు వాయువులకు వేర్వేరు ఘనపరిమాణాలు ఇచ్చినప్పుడు మాత్రం ముందుగా ప్రతిదానికీ ఘనపరిమాణాన్ని కాలంతో భాగించి రేటు తెచ్చుకుని, ఆ తర్వాతే నిష్పత్తి రాయాలి.

రంధ్రం ఎంత పెద్దది, గొట్టంలో సరిగ్గా ఎన్ని మిల్లీలీటర్లు పడతాయి అన్నవి మనకు తెలియనక్కరలేదు. రెండు వాయువులకూ అవి ఒకటే కాబట్టి నిష్పత్తిలో కొట్టుకుపోతాయి. ఈ పద్ధతిలోని అందమంతా అక్కడే ఉంది.

పరికరం

రెండు వైపులా తెరిచి ఉన్న అరవై సెంటీమీటర్ల గాజు గొట్టం, అది మునిగేంత లోతైన నీటి జాడీ, పైన మూడు దారుల స్టాప్‌కాక్, ఒక చిన్న రేకు ముక్క చాలు. స్టాప్‌కాక్ ఒక దారి వాయువు తెచ్చే గొట్టానికి, ఇంకొక దారి రేకులోని రంధ్రానికి వెళ్లాలి. గాజు గొట్టం మీద యాభై మిల్లీలీటర్ల ఎడంతో రెండు గీతలు గీయండి.

అసలు పని రంధ్రం చేయడం. వంటింట్లో వాడే అల్యూమినియం రేకు బాగా పలచనిది, సాధారణంగా మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా ఉండదు. దాన్ని గాజు పలక మీద చదునుగా పరిచి, సన్నని కుట్టుసూది మొనను నిటారుగా ఆనించి, బరువు వేయకుండా వేళ్ల మధ్య తిప్పండి. మొన అవతలికి వచ్చీరాగానే ఆపేయండి. దీపానికి ఎదురుగా పట్టుకుంటే ఒక చిన్న వెలుగు చుక్క, గుండ్రంగా, అంచులు చీలకుండా కనబడాలి. మిల్లీమీటరులో ఆరో ఏడో వంతు వెడల్పుంటే మంచిది. రేకు మందం కన్నా రంధ్రం వెడల్పు చాలా రెట్లు ఎక్కువ ఉండటమే ఇక్కడ ముఖ్యం. అప్పుడే అది రంధ్రం, లేకపోతే అది పొట్టి గొట్టం.

రేకు బదులు ఇంజెక్షన్ సూదిని బిగించేద్దామని చాలామందికి అనిపిస్తుంది, ఎందుకంటే అది చేతికి సులభంగా దొరుకుతుంది. దయచేసి ఆ పని చేయకండి. సూది లోపలి వెడల్పుతో పోలిస్తే దాని పొడవు పదుల రెట్లు. అందులో వాయువు వేగాన్ని నిర్ణయించేది ద్రవ్యరాశి కాదు, స్నిగ్ధత. గ్రాహమ్ పక్కన పెట్టిన ఆ రెండో రకం ప్రవాహం ఇదే.

కొలత

గొట్టాన్ని జాడీ నీటిలో నిటారుగా బిగించి, స్టాప్‌కాక్ ద్వారా వాయువును పంపండి. వాయువు నీటిని కిందికి తోస్తూ గొట్టాన్ని నింపుతుంది. మొదటిసారి నింపినదాన్ని పూర్తిగా వదిలేయండి, రెండోసారి కూడా వదిలేయండి. పాత గాలి మూలల్లో మిగిలితే ఫలితం ఎప్పుడూ గాలి వైపే జరుగుతుంది. మూడోసారి నింపి అయిదు నిమిషాలు ఆగండి. ఈలోగా వాయువు గది ఉష్ణోగ్రతకు వస్తుంది, నీటి ఆవిరితో సంతృప్తమూ అవుతుంది.

ఇప్పుడు స్టాప్‌కాక్‌ను రంధ్రం వైపు తిప్పండి. బయటి నీరు ఎత్తుగా ఉంది కాబట్టి లోపలి నీరు మెల్లగా పైకి ఎక్కుతూ వాయువును రంధ్రంలోంచి నెడుతుంది. కంటిని గీతకు సరిసమానంగా ఉంచి, నీటి వంపు అడుగుభాగం కింది గీతను తాకగానే స్టాప్‌వాచ్ నొక్కండి, పై గీతను తాకగానే ఆపండి. నీరు పైకి వచ్చేకొద్దీ ఎత్తుల తేడా తగ్గి ప్రవాహం నెమ్మదిస్తుంది, కాబట్టి పై గీత దగ్గర నీరు బద్ధకంగా కదులుతుంది. అది తప్పు కాదు, ప్రతి వాయువుకూ అదే జరుగుతుంది. జాడీలోని నీటిమట్టం మాత్రం ప్రతిసారీ ఒకే గుర్తు దగ్గర ఉండాలి.

పోలికకు ఏ వాయువు వాడాలి? నేనైతే గాలినే వాడతాను. ఖర్చు లేదు, సగటు మోలార్ ద్రవ్యరాశి 28.97 అని కచ్చితంగా తెలుసు. అమోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ లాంటి నీటిలో ఇట్టే కరిగే వాయువులకు ఈ పరికరం పనికిరాదు. నీరు ఎక్కడం వాయువు రంధ్రంలోంచి పోవడం వల్లనా, కరిగిపోవడం వల్లనా అన్నది చెప్పలేం. మండే వాయువులు, విష వాయువులు పొగ లాగే అర ఉన్న ప్రయోగశాలలో తప్ప వద్దు.

రంధ్రాన్ని ముందు పరీక్షించండి

తెలియని వాయువు జోలికి పోకముందు గాలి, హీలియం జతతో రంధ్రాన్ని పరీక్షించాలి. ఈ మెట్టును దాటేయాలనిపిస్తుంది, దాటేయకండి. 30 డిగ్రీల దగ్గర నీటి మీద చేసినప్పుడు గాలికి 80.4 సెకన్లు పట్టిందనుకుందాం. రంధ్రం సరైనదైతే హీలియం 32 సెకన్ల చుట్టుపక్కల ముగియాలి. అదే రంధ్రం గొట్టంలా ప్రవర్తిస్తే, హీలియం స్నిగ్ధత గాలి కన్నా కాస్త ఎక్కువ కాబట్టి, గాలి కన్నా ఆలస్యంగా 87 సెకన్ల దగ్గర ముగుస్తుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడో వస్తే రంధ్రం అంచులో మడత ఉందని అర్థం, కొత్తది చేసుకోండి.

ఈ పరీక్షకు ఆర్గాన్ ఎందుకు పనికిరాదో చూడండి. సరైన రంధ్రంలో ఆర్గాన్‌కు, గాలికి పట్టే కాలాల నిష్పత్తి 1.17. ఇంజెక్షన్ సూదిలో స్నిగ్ధతల నిష్పత్తి సుమారు 1.23. చూడటానికి రెండూ దగ్గరే, తప్పు ఎక్కడా కనబడదు. కానీ 1.23ను వర్గం చేసి 28.97తో గుణిస్తే 43.8 వస్తుంది. చేతిలో ఉన్నది ఆర్గాన్, కాగితం మీద వచ్చింది కార్బన్ డయాక్సైడ్! నిజమైన కార్బన్ డయాక్సైడ్‌నే సూదిలోంచి పంపితే అది గాలి కన్నా బరువైనదైనా గాలి కన్నా త్వరగా బయటపడుతుంది, ఎందుకంటే దాని స్నిగ్ధత తక్కువ. బరువైన వాయువు ముందు గెలిచిందంటే మీరు గ్రాహమ్ నియమంతో పని చేయడం లేదన్నమాట.

ఒక లెక్క, మొదటి నుంచి చివరి దాకా

వెల్డింగు షాపులో పేరు చెరిగిపోయిన సిలిండరు ఒకటి ఉందనుకుందాం. అందులో ఉన్నది శుద్ధ ఆర్గాన్ కావచ్చు, కార్బన్ డయాక్సైడ్ కావచ్చు, లేదా ఉక్కు వెల్డింగులో వాడే ఎనభై పాళ్ల ఆర్గాన్, ఇరవై పాళ్ల కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం కావచ్చు. గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలు. గాలికి మూడు సార్లు 80.2, 80.6, 80.4 సెకన్లు వచ్చాయి, సగటు 80.4. తెలియని వాయువుకు 94.4, 93.9, 94.6 వచ్చాయి, సగటు 94.3.

```
t₂ / t₁ = 94.3 / 80.4 = 1.1729
వర్గం = 1.3757
M = 28.97 × 1.3757 = 39.85
```

ఇది తొలి అంచనా. కానీ గొట్టంలో ఉన్నది పొడి వాయువు కాదు. 30 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 4.2 కిలోపాస్కల్స్, అంటే మొత్తం అణువుల్లో 4.2 శాతం నీటివే. తడి గాలి సగటు ద్రవ్యరాశి 0.958 × 28.97 + 0.042 × 18.02, అంటే 28.51. దీనితో మళ్లీ లెక్కవేయాలి:

```
తడి వాయువు M = 28.51 × 1.3757 = 39.22
పొడి వాయువు M = (39.22 − 0.757) / 0.958 = 40.15
```

ఇక్కడ సవరణ 0.3 మాత్రమే. రెండు వాయువులూ తడిసినవే కావడంతో చాలావరకు సర్దుకుపోయింది. తేలికైన వాయువు దగ్గర అలా ఊరుకోదు. హైడ్రోజన్ అణుద్రవ్యరాశి 2 మాత్రమే కాబట్టి ఆ నాలుగు శాతం నీటి ఆవిరి దాన్ని 2.69కి లాగుతుంది. సవరించకుండా వేస్తే హైడ్రోజన్ మోలార్ ద్రవ్యరాశి 2.73 అని వస్తుంది. మన ఎండాకాలంలో ఈ దోషం చలిదేశాల ప్రయోగశాలల కన్నా చాలా ఎక్కువ, ఎందుకంటే ఉష్ణోగ్రతతో పాటు ఆవిరి పీడనం వేగంగా పెరుగుతుంది.

ఇప్పుడు 40.15ను ఎంతవరకు నమ్మాలి? సగటు నుంచి గాలి కొలతలు 0.2 సెకన్లు, అంటే పావు శాతం జరిగాయి. రెండోదానివి 0.4 సెకన్లు, అంటే 0.42 శాతం. కలిపితే 0.67 శాతం. కాలాల నిష్పత్తిని వర్గం చేస్తాం కాబట్టి దోషం రెట్టింపై 1.35 శాతం అవుతుంది. కాబట్టి జవాబు 39.6 నుంచి 40.7 లోపల ఎక్కడైనా ఉండొచ్చు.

కార్బన్ డయాక్సైడ్ 44.01, అది కాదని నిశ్చయంగా చెప్పవచ్చు. ఆర్గాన్ 39.95, అది హద్దుల్లోనే ఉంది. మిశ్రమం సగటు 40.76, అది హద్దు అంచున నిలబడింది. అది కాదని ఈ కొలతల బలంతో నేను చెప్పను. దానికి వేరే దారి పట్టాలి: వాయువును సున్నపుతేటలోకి పంపితే, తేట పాలలా మారితే కార్బన్ డయాక్సైడ్ ఉన్నట్టు. గ్రాహమ్ నియమం సగటు ద్రవ్యరాశిని చెబుతుందే కానీ వాయువు పేరు చెప్పదు. ప్రోపేన్, నైట్రస్ ఆక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ మూడింటికీ 44 కాబట్టి ఈ గొట్టానికి ఆ మూడూ ఒకటే.

ఎదురుగా ఉన్న అవకాశాలు దూరదూరంగా ఉన్నప్పుడు మాత్రం ఈ పద్ధతి మోటు కొలతతో కూడా గొప్ప పని చేస్తుంది. ఓజోన్ కథ అలాంటిదే. పందొమ్మిదో శతాబ్దంలో ఓజోన్ శుద్ధంగా దొరికేది కాదు, ఎప్పుడూ ఆక్సిజన్‌తో కలిసే ఉండేది. కాబట్టి తూచి సాంద్రత కనుక్కునే వీలు లేదు. జెనీవాలో సోరే 1868లో ఓజోన్ ఎంత వేగంగా వ్యాపిస్తుందో క్లోరిన్‌తో పోల్చి చూశాడు. అది నిస్సరణం కాదు, వ్యాపనం, అయినా వర్గమూల సంబంధం అదే. ఓజోన్ అణువులో మూడు ఆక్సిజన్ పరమాణువులుంటే అది క్లోరిన్ కన్నా 1.22 రెట్లు వేగంగా పోవాలి, నాలుగుంటే 1.05 రెట్లు. ఈ రెండింటి మధ్య పదిహేను శాతానికి పైగా తేడా ఉంది కాబట్టి కొలత కొంచెం అటూఇటూ అయినా తీర్పు మారదు. ఓజోన్ మూడు పరమాణువులదని అలా బలపడింది.

వేరు చేయడం: ఇక్కడ అదే రంధ్రం పనికిరాదు

ఇంతవరకూ చెప్పని ఒక సంగతి ఉంది. సాధారణ పీడనంలో గాలి అణువు రెండు ఢీల మధ్య ప్రయాణించే సగటు దూరం, అంటే స్వేచ్ఛా పథం, సుమారు 70 నానోమీటర్లు. మన సూదిబెజ్జం దానికి రెండు వేల రెట్లు పెద్దది. అణువులు ఒక్కొక్కటిగా రంధ్రం దాటడం లేదు, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఒక ధారగా బయటికి చిమ్ముతున్నాయి. మరి నియమం ఎందుకు పనిచేసింది? ధార వేగం కూడా సాంద్రత వర్గమూలానికి విలోమానుపాతంలోనే ఉంటుంది. కుండ అడుగున చిల్లులోంచి నీరు చిమ్మే లెక్క ఇదే. రెండు వేర్వేరు కారణాలు ఒకే సూత్రానికి దారితీశాయి. గాలి మిశ్రమమైనా పోలికకు నిశ్చింతగా వాడుకోగలిగింది అందుకే: ధారలో అది విడిపోకుండా ఒకే సగటు ద్రవ్యరాశితో ప్రవహిస్తుంది.

వేరు చేయాలనుకున్నప్పుడు ఆ విడిపోకపోవడమే అడ్డంకి. హీలియం, ఆర్గాన్ కలిపి సాధారణ పీడనంలో సూదిబెజ్జం గుండా వదిలితే లోపల ఏ పాళ్లలో ఉన్నాయో బయటికీ దాదాపు అవే పాళ్లలో వస్తాయి. ప్రతి అణువూ తన వేగంతో తాను దాటాలంటే స్వేచ్ఛా పథం రంధ్రం కన్నా పెద్దది కావాలి. అంటే రంధ్రాన్ని నానోమీటర్లకు కుదించాలి, లేదా పీడనాన్ని బాగా తగ్గించాలి. పీడనాన్ని వెయ్యో వంతుకు తగ్గిస్తే పథం 70 మైక్రోమీటర్లవుతుంది. అప్పుడు పది మైక్రోమీటర్ల రంధ్రం సరిపోతుంది.

అలా అమర్చి, అవతల శూన్యం ఉంచితే పాత్రలోని ప్రతి వాయువూ తన సగాయువుతో తగ్గుతుంది. ఆర్గాన్ సగానికి తగ్గడానికి పది నిమిషాలు పట్టే రంధ్రం అనుకుందాం. హీలియం దానికన్నా √(39.95 / 4.003), అంటే 3.16 రెట్లు వేగంగా పోతుంది. మొదట చెరిసగం ఉన్న మిశ్రమం తొంభై అయిదు శాతం ఆర్గాన్ కావాలంటే ఎంతసేపు ఆగాలి? ఆర్గాన్, హీలియం నిష్పత్తి 1 నుంచి 19కి పెరగాలి:

```
k(Ar) = 0.693 / 10 = 0.0693 ప్రతి నిమిషానికి
k(He) = 3.16 × 0.0693 = 0.219
t = ln(19) / (0.219 − 0.0693) = 2.944 / 0.1497 = 19.7 నిమిషాలు
```

కాలం ఒక్కటి చూసి సంతోషపడకండి, ఎంత మిగిలిందో కూడా లెక్కవేయండి. 19.7 నిమిషాల్లో ఆర్గాన్ దాదాపు రెండు సగాయువులు గడిపింది, కాబట్టి మొదట ఉన్నదాంట్లో నాలుగో వంతే మిగిలింది. శుద్ధత కోసం మూడు వంతులు వదులుకోవలసి వచ్చింది. పది రెట్ల ద్రవ్యరాశి తేడా ఉన్న జతకే ఇలా ఉంటే, దగ్గరి ద్రవ్యరాశులున్న వాయువులను ఒక్క రంధ్రంతో వేరు చేయడం అయ్యే పని కాదు.

యురేనియంలో 235 ఐసోటోపు పాలు పెంచే పని దగ్గర అదే చిక్కు ఎదురైంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో యురేనియం హెక్సాఫ్లోరైడ్ వాయువును అతిసూక్ష్మ రంధ్రాలున్న నికెల్ పొరల గుండా పంపారు. ఫ్లోరిన్‌కు ప్రకృతిలో ఒకే ఒక ఐసోటోపు ఉండటం ఇక్కడ కలిసొచ్చింది, ద్రవ్యరాశిలో తేడా అంతా యురేనియం నుంచే వస్తుంది. యురేనియం 238తో అయితే 352, 235తో అయితే 349. వర్గమూలాల నిష్పత్తి 1.0043. ఒక్కో పొర దాటితే లాభం అర శాతం కూడా లేదు. సహజ యురేనియంలో 235 ఉండేది 0.71 శాతం. దాన్ని మూడు శాతానికి తేవాలంటే నిష్పత్తిని 4.32 రెట్లు పెంచాలి. ln(4.32)ను ln(1.0043)తో భాగిస్తే దాదాపు 340 అంచెలు కావాలి. తొంభై శాతానికి అయితే 1660 పైచిలుకు. ఇవి ప్రతి పొరా సిద్ధాంతం చెప్పినంతా వేరు చేస్తుందనుకుని వేసిన కనీస లెక్కలు. నిజంగా ప్రతి అంచెలో వాయువులో కొంత భాగాన్ని వెనక్కి పంపి మళ్లీ తిప్పాలి, పొర వెనుక పీడనం పూర్తిగా శూన్యం కాదు, కాబట్టి అంచెల సంఖ్య ఇంకా పెరుగుతుంది.